35 ఏళ్లకి ఫీల్డ్ మారాలి, ఇంటి లెక్క కుదరడం లేదు

పటాన్‌చెరు_షిఫ్ట్
ఫార్మా కంపెనీలో క్యూసీ కెమిస్ట్‌ని. మొత్తం 11 ఏళ్ల అనుభవం, ఈ కంపెనీలో చేరి 4 ఏళ్ల 7 నెలలు. మూడు షిఫ్టులు తిరగాలి. సీ షిఫ్ట్ వారం పడితే పగలు నిద్ర పట్టదు, తర్వాతి వారమంతా తల బరువుగానే ఉంటుంది. పాపకి ఎనిమిదేళ్లు. నేను ఇంట్లో ఉన్నా నిద్రలోనే ఉంటానని దానికి అలవాటైపోయింది. అది నాకు బాధ.

అమీర్‌పేటలో ఆరు నెలల డేటా అనలిటిక్స్ కోర్సు చూశాను. పగటి క్లాసులు, ఫీజు 80,000. ఉద్యోగం మానేసి చేరాలని ఆలోచన. కోర్సు అయ్యాక మొదట్లో 45,000 దాకా చేతికొస్తాయని అక్కడ చెప్పారు.

లెక్క ఇది. నాకు చేతికొచ్చేది 58,000. మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్, 18,000. ఇంటి లోన్ ఈఎంఐ 26,000. ఇంటి ఖర్చు 24,000. పాప స్కూల్ నెలకి సగటున 7,000. ఊళ్లో అమ్మానాన్నల మందులు 5,000. బండి, ఫోన్లు, పాలసీ కలిపి 4,000. మొత్తం 66,000. ఎఫ్‌డీలో 4 లక్షలు ఉన్నాయి. పీఎఫ్ వేరే ఉంది.

వచ్చే నెల పేపర్లు పెడదామనుకుంటున్నాను. నోటీసు రెండు నెలలు. ఎఫ్‌డీ సరిపోతుందా?

గోదారి_గట్టు
35 అంటే ఇంకా టైముంది బ్రదర్. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వండి. మా బావమరిది అలాగే చేశాడు.

పటాన్‌చెరు_షిఫ్ట్
గ్రూప్స్ ఆలోచన లేదండి. నా ప్రశ్న డబ్బు గురించి.

లెక్కల_మాస్టారు
మీ అంకెలతోనే చూద్దాం. మీరు మానేశాక ఇంట్లోకి వచ్చేది 18,000, పోయేది 66,000. నెలకి 48,000 ఎఫ్‌డీలోంచి తీయాలి. ఫీజు కట్టాక మిగిలేది 3 లక్షల 20 వేలు. అది ఆరున్నర నెలలకి అయిపోతుంది. అంటే కోర్సు పూర్తయి, ఉద్యోగాల వేట మొదలైన నెలలోనే ఎఫ్‌డీ ఖాళీ. వేటకి నాలుగు నెలలు పడుతుందనుకుంటే ఇంకో లక్షన్నరకి పైగా కావాలి.

ఇదంతా మీకు తెలిసే ఉంటుంది. మీరు చూడనిది దీని తర్వాతిది. 45,000 ఉద్యోగం వచ్చిందే అనుకుందాం. 45, 18 కలిపితే 63,000. ఖర్చు 66,000. ఉద్యోగం దొరికాక కూడా ప్రతి నెలా 3,000 లోటు, చేతిలో ఎఫ్‌డీ లేదు. మధ్యలో ఖాళీగా ఉండే నెలల గురించి అందరూ భయపడతారు. నిజంగా నడ్డి విరిచేది ఆ తర్వాతి రెండేళ్లు.

పటాన్‌చెరు_షిఫ్ట్
ఇలా ఎప్పుడూ చూడలేదు మాస్టారూ. ఉద్యోగం వస్తే సర్దుకుంటుందనే అనుకున్నాను.

టెస్టర్_2009
పీఎఫ్ ఉందిగా, తీసేయండి. ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

లెక్కల_మాస్టారు
తీయొద్దు. పాత కంపెనీ పీఎఫ్‌ని ఇందులోకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుని ఉంటే ఆయన సర్వీసు పదేళ్లు దాటింది, అంటే పెన్షన్‌కి అర్హత వచ్చేసింది. చేయించుకున్నారా లేదా అన్నది ముందు పాస్‌బుక్‌లో చూసుకోవాలి. మధ్యలో ఎక్కడైనా పెన్షన్ వాటా కూడా తీసేసి ఉంటే ఆ ఏళ్లు లెక్కలోకి రావు.

పటాన్‌చెరు_షిఫ్ట్
ట్రాన్స్‌ఫర్ చేయించాను. పాస్‌బుక్‌లో కనిపిస్తోంది.

మియాపూర్_మెట్రో
ఎవరూ గ్రాట్యుటీ మాట ఎత్తలేదేంటి? 4 ఏళ్ల 7 నెలలు అంటున్నాడు. వచ్చే నెల పేపర్లు పెడితే, నోటీసుతో కలిపి 4 ఏళ్ల 10 నెలలకి బయటికి వస్తాడు. ఐదేళ్లు నిండకుండా.

టెస్టర్_2009
4 ఏళ్ల 240 రోజులు చాలు. కోర్టు తీర్పు ఉంది. పైగా కొత్త లేబర్ కోడ్ వచ్చాక ఏడాదికే ఇస్తున్నారు.

మియాపూర్_మెట్రో
రెండూ సగం నిజాలే. ఏడాదికే అన్నది ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్ట్ మీద చేరినవాళ్లకి. పర్మనెంట్ వాళ్లకి ఐదేళ్లే. 240 రోజుల తీర్పు మద్రాసు హైకోర్టుది. కొన్ని కంపెనీలు దాన్ని ఒప్పుకుని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. నాకు ఇవ్వలేదు. లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక లేక వదిలేశాను.

బ్రదర్, మీ బేసిక్ ఎంత?

పటాన్‌చెరు_షిఫ్ట్
బేసిక్, డీఏ కలిపి 28,000.

మియాపూర్_మెట్రో
28,000ని 26తో భాగించి, 15తో గుణించి, మళ్లీ ఐదేళ్లతో గుణించండి. 80,769 వస్తుంది. మీ కోర్సు ఫీజు మొత్తం అదే. సెప్టెంబర్‌లో ఐదేళ్లు నిండుతాయి కదా, ఐదు నెలలు ఆగితే ఈ డబ్బు మీది.

ఇంకో సంగతి. ఐదేళ్లు సరిగ్గా నిండే రోజుకి లెక్కేసి రాజీనామా ఇవ్వకండి. కొన్నిచోట్ల నోటీసు పూర్తి కాకుండానే రిలీవ్ చేసేస్తారు, చివరి రోజు ముందుకి జరిగిపోతుంది. ఐదేళ్లు నిండాకే పేపర్లు పెట్టండి. రెండు నెలలు ఎక్కువ పని చేసినా పోయేదేమీ లేదు.

పెంకుటిల్లు
గ్రాట్యుటీ కన్నా పెద్ద విషయం అడుగుతాను. మీ అమ్మానాన్నలు కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉన్నారా?

పటాన్‌చెరు_షిఫ్ట్
ఉన్నారు. జీతంలో కొంత కట్ అవుతుంది. నాన్నకి 66, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి.

పెంకుటిల్లు
మరి మీ చివరి పని రోజుతో ఆ కవర్ కూడా అయిపోతుంది. నా కథ చెప్తాను. నేను పాత ఉద్యోగం వదిలిన పన్నెండో రోజు మా నాన్నకి గుండెనొప్పి వచ్చింది. స్టెంట్ వేశారు, 2 లక్షల 30 వేలు. కొత్త కంపెనీలో నా ఇన్సూరెన్స్ కార్డు ఇంకా రాలేదు, వచ్చినా అందులో తల్లిదండ్రులకి కవర్ లేదు. ఫీల్డ్ మారడానికని రెండేళ్లు దాచుకున్న డబ్బు మూడు రోజుల్లో అయిపోయింది. నాన్న బాగున్నారు, అది చాలు. కానీ ఆ వారం నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని రాస్తున్నాను.

ఉద్యోగంలో ఉండగానే హెచ్‌ఆర్‌ని అడిగి, ఆ గ్రూప్ పాలసీ ఏ ఇన్సూరెన్స్ కంపెనీదో కనుక్కోండి. వాళ్ల దగ్గరే సొంత పాలసీకి మారే వీలుంటుంది. గ్రూప్‌లో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో లెక్క కడతారా అని రాతపూర్వకంగా అడగండి. కొత్తగా తీసుకుంటే షుగర్ లాంటి పాత జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. మా నాన్నకి తర్వాత తీసుకున్న 5 లక్షల పాలసీకి ఏడాదికి 38,000 కడుతున్నాను. మీ 66,000 లిస్టులో ఈ అంకె లేదు.

లెక్కల_మాస్టారు
38 వేలంటే నెలకి 3,200. లోటు 3,000 కాదు, 6,200 అయింది.

సిరిసిల్ల_సుజాత
తమ్ముడూ, మీ అమ్మానాన్నలకి ఊళ్లో వేరే రేషన్ కార్డు ఉందా? ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. ఇప్పుడు 10 లక్షల దాకా ఉంది. స్టెంట్ లాంటివి అందులో వస్తాయి. నెలనెలా వేసుకునే మందులు రావు, లిస్టులో లేని చికిత్సలు రావు, లిస్టులో ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. పాలసీకి బదులు అని చెప్పను. పాలసీ కుదిరేదాకా అండగా ఉంటుంది.

పటాన్‌చెరు_షిఫ్ట్
కనుక్కుంటాను అక్కా. నా పేరు కూడా ఆ కార్డులోనే ఉండొచ్చు.

కెమిస్ట్_బాబాయ్
డబ్బు సంగతి వీళ్లు చెప్తున్నారు. నేను వేరేది అడుగుతాను. డేటా అనలిటిక్స్ ఎందుకు? పదకొండేళ్లు హెచ్‌పీఎల్‌సీ మెషిన్ ముందు కూర్చున్నావు, అదంతా పక్కన పెట్టి ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన ఫ్రెషర్‌గా నిలబడతావా?

నేనూ క్యూసీ నుంచే వచ్చాను, 36 ఏళ్లకి. ఇప్పుడు కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్‌లో ఉన్నాను, మావాళ్లు సీఎస్‌వీ అంటారు. ల్యాబ్‌లో మీరు వాడే ఎంపవర్, లిమ్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు సరిగ్గా పనిచేస్తున్నాయని, వాటిలో డేటాని జాడ లేకుండా ఎవరూ మార్చలేరని కాగితం మీద నిరూపించే పని. అమెరికా ఎఫ్‌డీఏ పార్ట్ 11 రూల్ 1997 నుంచి ఉంది, ఆ దేశానికి మందులు పంపే ప్రతి కంపెనీకీ ఈ పని తప్పదు. నేను అక్కడ 6 లక్షల 20 వేల ప్యాకేజీ వదిలి ఇక్కడ 6 లక్షలకి చేరాను. ఏడాదికి ఇరవై వేలు తగ్గింది, అంతే. మీ లెక్కలో నెలకి 13,000 తగ్గుతోంది.

పటాన్‌చెరు_షిఫ్ట్
మా దగ్గర సీఎస్‌వీ టీమ్ ఉంది బాబాయ్. కానీ వాళ్లంతా ఐటీ వాళ్లనుకున్నాను. నాకు కోడింగ్ రాదు.

కెమిస్ట్_బాబాయ్
కోడింగ్ అక్కర్లేదు. ఇంటర్వ్యూలో నన్ను అడిగినవి చెప్తాను విను. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే ఆడిట్ ట్రయల్‌ని ఎంపవర్‌లో ఎలా రివ్యూ చేస్తారు? అనలిస్ట్‌కి డిలీట్ చేసే హక్కు ఎందుకు ఇవ్వకూడదు? అడ్మిన్ హక్కులు క్యూసీ చేతిలో ఉంటే ఆడిటర్ ఏమంటాడు? ఒక ఇంజెక్షన్‌ని మధ్యలో ఆపేస్తే దాని జాడ ఎక్కడ కనిపిస్తుంది? ఇవి ఐటీ వాళ్లకి పుస్తకంలో చదివితే వస్తాయి. నీకు చేతిలో ఉన్నాయి.

నీకు లేనిది రాత పని. యూజర్ రిక్వైర్‌మెంట్ రాయడం, సాఫ్ట్‌వేర్‌ని దశలవారీగా పరీక్షించే ఐక్యూ, ఓక్యూ, పీక్యూ స్క్రిప్టులు రాయడం, టెస్ట్ ఫెయిలైతే డీవియేషన్ రాసి ముగించడం. అది నేర్చుకోవడానికి అమీర్‌పేట వెళ్లనక్కర్లేదు. మీ ల్యాబ్‌లో ఈ ఏడాది ఏదైనా సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారుస్తున్నారా? ఉంటే క్యూసీ తరఫున నన్ను వేయండి అని మేనేజర్‌ని అడుగు. ఈ పనికి ఎవరూ ముందుకు రారు కాబట్టి సాధారణంగా ఒప్పుకుంటారు. ఆరు నెలల్లో నువ్వు రాసి సంతకం పెట్టిన డాక్యుమెంట్లు నాలుగైదు ఉంటాయి. వాటిని బయటికి తీసుకెళ్లకు, అది తప్పు. కానీ ఏం రాశావో, ఎక్కడ తప్పు దొరికిందో నోటితో చెప్పగలగాలి. చెప్పగలిగినవాడికి కోర్సు సర్టిఫికెట్ అడగరు.

టెస్టర్_2009
సీఎస్‌వీలో ఎక్కువ ఉద్యోగాలు థర్డ్ పార్టీ పేరోల్ కదా? ప్రాజెక్ట్ అయిపోతే ఇంటికే. నా ఫ్రెండ్‌ని అలాగే తీసేశారు.

కెమిస్ట్_బాబాయ్
నిజమే, ఆ మాట దాచను. కన్సల్టింగ్ కంపెనీల్లో అలా జరుగుతుంది. ఫార్మా కంపెనీల సొంత టీముల్లో తక్కువ. ఆఫర్ వచ్చినప్పుడు ఎవరి పేరోల్, ప్రాజెక్ట్ ఎన్నాళ్లు, తల్లిదండ్రులకి ఇన్సూరెన్స్ ఉందా అని మూడూ అడగాలి. ఇంకోటి కూడా చెప్పాలి. విదేశీ క్లయింట్లయితే సాయంత్రం కాల్స్ ఉంటాయి. రాత్రి తొమ్మిదింటిదాకా నాకు వారంలో రెండు రోజులు పోతాయి. సీ షిఫ్ట్‌తో పోలిస్తే పండగే.

అమ్మమ్మ_ఊరు
డేటా అనలిటిక్స్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. నేను 34 ఏళ్లకి మారాను, బాగానే ఉన్నాను. ఇష్టం లేని పనికి దగ్గర్లోనే ఇంకో పని అంటే, పదేళ్ల తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది. అయితే నాకు లోన్ లేదు, అప్పటికి పిల్లలు లేరు. ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు ఏడాది నేర్చుకున్నాను.

పటాన్‌చెరు_షిఫ్ట్
నాకు కెమిస్ట్రీ మీద కోపం లేదండి. షిఫ్టుల మీదే.

అమ్మమ్మ_ఊరు
అలాగైతే బాబాయ్ మాటే వినండి.

సిరిసిల్ల_సుజాత
మీ ఆవిడ ఏమంటోంది? ఆమె మాట ఎక్కడా లేదు.

నేను అటువైపు నుంచి చెప్తాను. మా ఆయన ఉద్యోగం మానేసి వచ్చి, ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పారు. ఆయన మంచి కోసమే మానేశారు, నేను తర్వాత ఒప్పుకున్నాను కూడా. కానీ ఆ ఎనిమిది నెలల్లో ఎవరు ఫోన్ చేసినా గుండె దడే. మా అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియదు. మూడో నెలకి నేనే పేపర్ తెచ్చి కూర్చోబెట్టాను. దసరాలోపు రాకపోతే పాత ఫీల్డ్‌లో ఏ ఉద్యోగమైనా చేరాలని ఆయన చేతే రాయించాను. ఎఫ్‌డీ లక్షకి తగ్గితే దసరా దాకా కూడా ఆగేది లేదని ఇంకో మాట. అది రాసుకున్నాకే ఇద్దరికీ నిద్ర పట్టింది. ఎప్పటిదాకా అన్నది తెలిస్తే కష్టం భరించొచ్చు తమ్ముడూ.

పటాన్‌చెరు_షిఫ్ట్
ఆమెకి కోర్సు సంగతి తెలుసు. వచ్చే నెల పేపర్లు అన్నది ఇంకా చెప్పలేదు.

సిరిసిల్ల_సుజాత
ఈ రోజే చెప్పండి.

లెక్కల_మాస్టారు
మానేయకముందే ఒక పని చేయండి. ఏప్రిల్ జీతం పడ్డ రోజునే 13,000 తీసి వేరే అకౌంట్లో వేయండి. మీకు వచ్చింది 45,000 మాత్రమే అనుకుని బతకండి. కొత్త జీతంతో ఇల్లు నడుస్తుందో లేదో ఉద్యోగం ఉండగానే తెలుస్తుంది, డబ్బూ కలుస్తుంది. కానీ రెండు నెలలు చేసి ఆపకండి. జూన్ దాటాలి. స్కూల్ ఫీజులు చూడని ఇంటి బడ్జెట్‌ని నేను నమ్మను.

మియాపూర్_మెట్రో
లోన్ ఎక్కడిది? వడ్డీ ఎంత?

పటాన్‌చెరు_షిఫ్ట్
హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీది. 30 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం. నాలుగేళ్లు కట్టాను. ఇంకా 27 లక్షల పైనే ఉంది.

మియాపూర్_మెట్రో
2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు తగ్గుతూ వచ్చింది. బ్యాంకుల కొత్త లోన్లు రెపోకి ముడిపడి ఉంటాయి కాబట్టి వాటి వడ్డీ తగ్గింది. ఫైనాన్స్ కంపెనీలకి ఆ నిబంధన లేదు, అందుకే మీది అలాగే ఉండిపోయింది. నాదీ అలాగే ఉంటే బ్యాంకుకి మార్చాను, 7.6కి వచ్చింది. ఫీజులు, తాకట్టు పత్రం రిజిస్ట్రేషన్ కలిపి నాకు 18,000 దాకా ఖర్చయింది. మీకు ఒక శాతం తగ్గినా ఈఎంఐ నెలకి 1,600 దాకా తగ్గుతుంది. తగ్గించాల్సింది ఈఎంఐనే, కాలాన్ని కాదని గట్టిగా చెప్పండి. ఊరుకుంటే నెలలు తగ్గించి ఈఎంఐ అంతే ఉంచుతారు.

ఇది చేయాలంటే జీతం స్లిప్పులు కావాలి. మానేశాక ఏ బ్యాంకూ తీసుకోదు.

టెస్టర్_2009
ఇంకా సులువు ఉంది. మిగిలిన కాలాన్ని 25 ఏళ్లకి పెంచుకోండి. ఈఎంఐ 22,000కి దిగుతుంది.

లెక్కల_మాస్టారు
దిగుతుంది. నెలకి 4,000 మిగులుతుంది, 60 ఏళ్లు వచ్చేదాకా కడతాడు. అదే వడ్డీకి మొత్తం మీద 16 లక్షల దాకా ఎక్కువ పడుతుంది.

టెస్టర్_2009
జీతం పెరిగాక ముందే కట్టేయొచ్చుగా. ఫ్లోటింగ్ లోన్‌కి పెనాల్టీ లేదు.

లెక్కల_మాస్టారు
కట్టేవాళ్లు కడతారు. నేను చూసినవాళ్లలో పెరిగిన జీతం కారుకి వెళ్లింది. ఆయన ఇష్టం.

పటాన్‌చెరు_షిఫ్ట్
జూన్ నెలాఖరు. అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది.

ఆ రాత్రే మా ఆవిడకి అంతా చెప్పాను. కోర్సు ఫీజు కట్టలేదు. 13,000 ఏప్రిల్ నుంచి పక్కన పెడుతున్నాం, పుస్తకం ఆమే రాస్తోంది. ఏప్రిల్‌లో ఖర్చు 65,200. మేలో ఆమె తరఫున రెండు పెళ్లిళ్లు, 71,000 అయింది. జూన్‌లో ఫస్ట్ టర్మ్ ఫీజు, పుస్తకాలు, బూట్లు కలిపి 84,000. పక్కన పెట్టిన దాంట్లోంచే కొంత తీయాల్సి వచ్చింది. పుస్తకం చూసి ఆమె తేల్చింది ఏంటంటే, ఫీజుని ఏడాది మీద సర్దినా మన అసలు ఖర్చు నెలకి 68,000. పెళ్లిళ్లు, పండగలు లిస్టులో రాయలేదు మేము.

లోన్ బ్యాంకుకి మారింది, ఈఎంఐ 24,500. అంటే 66,500 కావాలి, ఆమె 18,000 పోతే నాకు 48,500. నాన్న పాలసీ కూడా కలిపితే 51,700. కాబట్టి 52,000కి తక్కువైతే వెళ్లకూడదని ఇద్దరం రాసుకున్నాం.

బాబాయ్, మా ల్యాబ్‌లో లిమ్స్ వెర్షన్ మారుస్తున్నారు. అడిగాను, వేశారు. మూడు ఓక్యూ స్క్రిప్టులు రాశాను. ఒకటి మూడుసార్లు తిప్పి పంపారు.

కెమిస్ట్_బాబాయ్
మూడుసార్లే అంటే బాగా రాశావు. నా మొదటిది ఆరుసార్లు తిరిగింది. ఎందుకు తిప్పారో రాసిపెట్టుకో, ఇంటర్వ్యూలో అదే అడుగుతారు.

టెస్టర్_2009
52,000 అని గిరి గీసుకుంటే మంచి అవకాశం పోవచ్చు. 50 ఇచ్చి, ఏడాదిలో 60 చేస్తే?

లెక్కల_మాస్టారు
పెంచుతామన్నది ఆఫర్ లెటర్‌లో ఉంటే ఆలోచించొచ్చు. నోటి మాటైతే వద్దు.

పెంకుటిల్లు
నాన్నగారి పాలసీ ఏమైంది?

పటాన్‌చెరు_షిఫ్ట్
హెచ్‌ఆర్ ఇన్సూరెన్స్ కంపెనీ మెయిల్ ఐడీ ఇచ్చారు. వెయిటింగ్ లెక్క కడతారా అని రాశాను, రెండు వారాలైంది, జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.

సిరిసిల్ల_సుజాత
రేషన్ కార్డు?

పటాన్‌చెరు_షిఫ్ట్
నా పేరు, మా ఆవిడ పేరు కూడా అమ్మానాన్నల కార్డులోనే ఉన్నాయి అక్కా. నా జీతం వల్ల వాళ్ల కార్డుకి ఇబ్బంది వస్తుందేమోనని భయం. మా పేర్లు తీయించడానికి ఏమేం కావాలో సోమవారం ఊరెళ్లి మీసేవలో అడుగుతాను.